పాలకులు – సంస్కరణలు: జతపరచే ప్రశ్నల తయారీ

చరిత్ర ప్రశ్నపత్రంలో ‘జతపరచండి’ అనే ప్రశ్న చాలా కాలంగా ఉంది. తయారు చేయడం సులువు, దిద్దడం ఇంకా సులువు. ఎడమ వైపు అయిదుగురు పాలకులు, కుడి వైపు అయిదు సంస్కరణలు రాసి వరుస తారుమారు చేస్తే ప్రశ్న తయారైనట్లే కనిపిస్తుంది. కాని అలా తయారైన ప్రశ్నకు అయిదు మార్కులు తెచ్చుకున్న విద్యార్థికి నిజంగా అయిదు విషయాలు తెలుసా, మూడే తెలుసా, రెండే తెలుసా అన్నది ఆ మార్కులను చూసి చెప్పలేం. ఈ పాఠ్యభాగంలో అటువంటి ప్రశ్న ఒకటి తీసుకుని, అందులో జవాబులు ఎక్కడెక్కడ బయటపడుతున్నాయో గమనించి, దానిని తిరిగి రాద్దాం. తరువాత పోటీ పరీక్షల్లో వచ్చే సంకేతాల రూపంలోని జతపరచే ప్రశ్నను కూడా పరిశీలిద్దాం.

ఒక లోపభూయిష్టమైన ప్రశ్న

ఈ కింది ప్రశ్నను చూడండి. ఇటువంటివి మీరు ఎన్నో చూసి ఉంటారు.

ఎడమ వరుస
1. అశోకుడు
2. అల్లావుద్దీన్ ఖిల్జీ
3. అక్బర్
4. కారన్ వాలిస్
5. మొదటి సాలార్‌జంగ్

కుడి వరుస
అ. హైదరాబాద్ రాజ్యంలో జిలాబందీ విధానం
ఆ. ధర్మ మహామాత్రుల నియామకం
ఇ. మన్సబ్‌దారీ విధానం
ఈ. బెంగాల్‌లో శాశ్వత శిస్తు నిర్ణయం (1793)
ఉ. మార్కెట్ సంస్కరణలు

ఇందులో చారిత్రక దోషం ఏదీ లేదు. ప్రతి జత సరైనదే. అయినా పాఠం చదవని వ్యక్తి దీనిని ఎలా పరిష్కరిస్తాడో చూద్దాం. ‘హైదరాబాద్’ అన్న మాట కనబడగానే సాలార్‌జంగ్ పేరు పక్కకు వస్తుంది. హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ మ్యూజియం ఉందని తెలిసిన వారికి జిలాబందీ అంటే ఏమిటో తెలియనవసరం లేదు. 1793 అన్న సంవత్సరం, బెంగాల్ అన్న పేరు కలిసి ఇంగ్లీషు పేరున్న ఒకే ఒక్క వ్యక్తిని చూపిస్తాయి. ‘ధర్మ’ అన్న మాట అశోకుడి దగ్గరకు తీసుకుపోతుంది. ఇక మిగిలినవి రెండే. వాటిలో అక్బర్‌కు మన్సబ్‌దారీ అని విన్న గుర్తు ఉంటే చాలు, అల్లావుద్దీన్ ఖిల్జీ గురించి ఏమీ తెలియకపోయినా మార్కెట్ సంస్కరణల మార్కు దానంతట అదే వస్తుంది.

ఇక్కడ రెండు వేర్వేరు లోపాలు కలిసి పనిచేశాయి. మొదటిది, జత తనను తాను బయటపెట్టుకోవడం. రెండవది, మిగిలినవాటిని తీసివేస్తూ పోతే చివరిది ఉచితంగా దొరకడం. రెండింటికీ కారణాలు వేరు, విరుగుడు కూడా వేరు. కనుక వాటిని విడివిడిగా చూడాలి.

జత తనను తాను ఎలా బయటపెట్టుకుంటుంది?

పై ప్రశ్నలో అన్నిటికన్నా పెద్ద లోపం కాలాల కలగలుపు. క్రీస్తుపూర్వం మూడవ శతాబ్దం నుంచి క్రీస్తుశకం పందొమ్మిదవ శతాబ్దం వరకు, సుమారు రెండు వేల సంవత్సరాల పాలకులు ఒకే వరుసలో ఉన్నారు. భారతదేశ పాలనా పదజాలానికి ఒక ప్రత్యేకత ఉంది. ఆ పదం ఏ భాష నుంచి వచ్చిందో చూస్తేనే దాని కాలం చాలావరకు తెలిసిపోతుంది. మహామాత్రులు అంటే ప్రాచీన కాలం. మన్సబ్, జాగీర్, జబ్తీ వంటి పారసీ, అరబ్బీ మాటలు సుల్తానుల, మొగలుల కాలం. రైల్వే, మున్సిపాలిటీ, కమిషన్ అంటే ఇంగ్లీషువారి కాలం. పాలకుల పేర్లకు కూడా ఇదే గుణం ఉంది. కాబట్టి మూడు యుగాలను కలిపితే విద్యార్థి చరిత్ర జ్ఞానం బదులు పదాల వాసన పట్టే శక్తిని పరీక్షించినట్లవుతుంది.

దీనికి విరుగుడు వరుసను సజాతీయంగా ఉంచడం. ఒకే యుగానికి, ఒకే పదవికి, వీలైతే అర్ధ శతాబ్దం నుంచి ఒక శతాబ్దం లోపు కాలానికి చెందిన పాలకులనే తీసుకోవాలి. గవర్నర్ జనరల్స్, వైస్రాయ్‌లు ఒక వరుస. ఢిల్లీ సుల్తానులు మరొక వరుస. పాలకుల మధ్య సంఘ సంస్కర్తలను కలపకూడదు. డల్హౌసీ, కానింగ్, రిప్పన్ పేర్ల నడుమ కందుకూరి వీరేశలింగం పేరు పెట్టి ఎదురుగా ‘రాజమండ్రిలో వితంతు పునర్వివాహం’ అని రాస్తే, ఆ జత తెలుగు విద్యార్థికి మార్కు బహుమతిగా ఇచ్చినట్లే.

రెండవ లోపం పేరు పునరావృతం కావడం. ‘కారన్ వాలిస్ నియమావళి’కి ఎదురుగా కారన్ వాలిస్‌ను, ‘మెకాలే నివేదిక’కు ఎదురుగా మెకాలేను పెట్టే ప్రశ్నలు ఇప్పటికీ కనిపిస్తాయి. అంత బాహాటంగా లేకపోయినా ఊరిపేరు, పదవిపేరు అదే పని చేస్తాయి. ప్రశ్నాంశంలో ‘ఈ వైస్రాయ్’ అని రాశారనుకోండి. వైస్రాయ్ అనే హోదా 1858లోనే వచ్చింది కనుక బెంటింక్, మెట్కాఫ్, ఆక్లాండ్, డల్హౌసీ ఒక్కసారిగా పోటీ నుంచి తప్పుకుంటారు. ‘ఎవరి పాలనా కాలంలో’ అని రాస్తే ఈ ఇబ్బంది ఉండదు.

తెలుగులో ప్రశ్న రాసేవారు ఇంకొకటి గమనించాలి. మన క్రియాపదం లింగాన్ని చెబుతుంది. గణపతిదేవుడు, రుద్రమదేవి, ప్రతాపరుద్రుడు ఉన్న వరుసకు ఎదురుగా ‘మోటుపల్లి అభయశాసనం జారీ చేశాడు’ అని రాస్తే రుద్రమదేవి వెంటనే తొలగిపోతుంది. ఇంగ్లీషు ప్రశ్నను అనువదించేటప్పుడు ఈ పొరపాటు ఎక్కువగా జరుగుతుంది, ఎందుకంటే అక్కడి క్రియలో ఈ భేదం కనిపించదు. ‘మోటుపల్లి అభయశాసనం జారీ’ అని నామపదంతో ముగిస్తే సరిపోతుంది. బ్రిటిష్ పాలకుల వరుసలో అందరూ పురుషులే కనుక అక్కడ ఈ సమస్య రాదు.

సంవత్సరాల విషయం కొంచెం ఆలోచించవలసినది. సంవత్సరం ఇవ్వడం ఎప్పుడూ తప్పు కాదు. విద్యార్థికి పాలకుల కాలక్రమం తెలుసా అని అడగదలచుకుంటే సంవత్సరం ఇవ్వవచ్చు. కాని సంస్కరణ ఎవరిదో అడుగుతూ పక్కనే కుండలీకరణాల్లో సంవత్సరం రాస్తే, పాలనా కాలాల పట్టిక బట్టీ పట్టిన విద్యార్థి సంస్కరణ గురించి ఏమీ చదవకుండానే జవాబు రాస్తాడు. ఏది పరీక్షిస్తున్నామో ముందే నిర్ణయించుకోవాలి.

తీసివేత లెక్క

ఇప్పుడు రెండవ లోపానికి వద్దాం. ఎడమ వైపు అయిదు, కుడి వైపు అయిదు ఉండి, ఒక్కొక్కటి ఒక్కసారే వాడాలి అన్నప్పుడు నాలుగు తెలిసినవారికి అయిదవది తెలియనవసరం లేదు. ఇది అందరికీ తెలిసిన విషయమే. అంతగా గమనించని విషయం ఇంకొకటి ఉంది. మూడు తెలిసిన విద్యార్థి మిగిలిన రెండింటినీ ఊహించి రాస్తే, రెండూ ఒప్పు కావడానికి సగం అవకాశం, రెండూ తప్పు కావడానికి సగం అవకాశం. ఒకటి ఒప్పు, ఒకటి తప్పు అయ్యే వీలే లేదు. అంటే ఒకే స్థాయిలో చదివిన ఇద్దరు విద్యార్థుల్లో ఒకరికి అయిదు, మరొకరికి మూడు మార్కులు వస్తాయి.

అసలు ఏమీ తెలియకుండా అయిదింటినీ గుడ్డిగా జతపరిస్తే సగటున ఒక మార్కు వస్తుంది. వరుసలో నాలుగున్నా, ఎనిమిదున్నా ఈ సగటు మారదు. ఎప్పుడూ ఒకటే. కొన్ని జతలు తెలిసి, కనీసం రెండు తెలియకుండా మిగిలినప్పుడు కూడా, ఆ మిగిలిన వాటి మీద ఊహకు సగటున ఒక మార్కు దొరుకుతుంది. కనుక సమాన సంఖ్యలున్న జతపరచే ప్రశ్న, తెలియనిదానికి సుమారుగా ఒక మార్కును ముందే కేటాయించి పెట్టినట్లు.

దీని మరో వైపు కూడా అన్యాయమే. పత్రికలపై ఆంక్షలను 1835లో తొలగించినవాడు మెట్కాఫ్ అన్న సంగతి తెలియక, సంస్కర్తగా పేరున్న బెంటింక్‌కు దానిని జతపరిచిన విద్యార్థి ఉన్నాడనుకోండి. బెంటింక్ పేరు అక్కడ ఖర్చయిపోయింది. ఇప్పుడు సతీ నిషేధం ఎదురుగా అతడు ఏదో ఒక తప్పు పేరు రాయక తప్పదు. అతనికి సతీ నిషేధం గురించి బాగానే తెలిసి ఉండవచ్చు. ఒక్క పొరపాటుకు రెండు మార్కులు పోయాయి. ఇటువంటి ప్రశ్నలో ఒకే ఒక్క తప్పు చేయడం సాధ్యం కాదు. తప్పులు కనీసం జంటగానే వస్తాయి.

దీనికి రెండు విరుగుళ్లు ఉన్నాయి. మొదటిది, కుడి వరుసలో రెండో మూడో అదనపు పేర్లు చేర్చడం. అయిదు ప్రశ్నాంశాలకు ఎనిమిది పేర్లు ఇస్తే, నాలుగు తెలిసిన విద్యార్థికి అయిదవదానికి ఇంకా నాలుగు పేర్లు మిగిలి ఉంటాయి. ఊహ ఫలించే అవకాశం నాలుగింట ఒకటి. రెండవ విరుగుడు ఇంకా బలమైనది. ఒక పేరును ఒకటి కంటే ఎక్కువసార్లు వాడవచ్చునని సూచనలో చెప్పడం. అప్పుడు వాడిన పేరును కొట్టివేయడానికి వీలుండదు. ఎనిమిది పేర్లలో ఏదైనా రావచ్చు కనుక తెలియని ప్రతి ప్రశ్నాంశానికి అవకాశం ఎనిమిదింట ఒకటే. ఒక తప్పు మరొక తప్పును లాక్కురాదు కూడా. నా అభిప్రాయంలో పాలకులు – సంస్కరణల అంశానికి ఈ రెండవ పద్ధతే సహజమైనది. ఒక పాలకుడు ఒకే సంస్కరణ చేయడు కదా. రిప్పన్ కాలంలోనే స్థానిక స్వపరిపాలన తీర్మానం (1882), మొదటి ఫ్యాక్టరీ చట్టం (1881), హంటర్ విద్యా కమిషన్ (1882) మూడూ వచ్చాయి. ఒక్కొక్కరికి ఒక్కొక్కటి అంటగట్టడం చరిత్రను కూడా కొంత వక్రంగా చూపిస్తుంది.

తిరిగి రాసిన ప్రశ్న

పైన చెప్పిన వాటిని పాటిస్తూ బ్రిటిష్ పాలకుల మీద ఒక ప్రశ్న తయారుచేద్దాం.

సూచన: ఎడమ వరుసలోని ప్రతి చర్య ఎవరి పాలనా కాలంలో జరిగిందో కుడి వరుస నుంచి ఎన్నుకుని, ఆ అక్షరాన్ని ఖాళీలో రాయండి. ఒక పేరును ఒకసారి గాని, ఒకటి కంటే ఎక్కువసార్లు గాని వాడవచ్చు. కొన్ని పేర్లు అసలు అవసరం కాకపోవచ్చు. (6 × 1 = 6 మార్కులు)

ఎడమ వరుస
___ 1. ప్రభుత్వ విద్యా నిధులను ఇంగ్లీషు విద్యకు వినియోగించాలన్న తీర్మానం
___ 2. పత్రికలకు లైసెన్సు తప్పనిసరి చేసిన నిబంధనల తొలగింపు
___ 3. హిందూ వితంతు పునర్వివాహ చట్టం ఆమోదం
___ 4. దేశభాషా పత్రికల చట్టం రద్దు
___ 5. బెంగాల్ ప్రెసిడెన్సీలో సతీ సహగమన నిషేధం
___ 6. కర్మాగారాల్లో బాల కార్మికుల పనిపై మొదటి చట్టబద్ధమైన పరిమితి

కుడి వరుస
అ. ఆక్లాండ్
ఆ. కానింగ్
ఇ. డల్హౌసీ
ఈ. బెంటింక్
ఉ. మెట్కాఫ్
ఊ. మేయో
ఋ. రిప్పన్
ఎ. లిట్టన్

జవాబులు: 1-ఈ, 2-ఉ, 3-ఆ, 4-ఋ, 5-ఈ, 6-ఋ.

సంస్కరణలను ఎడమకు, పేర్లను కుడికి మార్చిన సంగతి మీరు గమనించే ఉంటారు. పొడవైన వాక్యాలు ఎడమ వైపు ఉంటే విద్యార్థి ఒక్కొక్కదానిని ఒకసారి చదివి, పొట్టి పేర్ల జాబితాలో వెతుకుతాడు. తలకిందులుగా ఉంటే ప్రతి పేరుకూ ఆ పొడవైన వాక్యాలన్నీ మళ్లీ మళ్లీ చదవవలసి వస్తుంది. పేర్లను అకారాది క్రమంలో పెట్టాం. కాలక్రమంలో పెడితే పేరు ఉన్న చోటే దాని కాలాన్ని చెప్పేస్తుంది. ప్రశ్న మొత్తం ఒకే పేజీలో ఉండాలి. ఒక వరుస వెనక పేజీలోకి పోతే పరీక్ష హాలులో కాగితం తిప్పడమే సరిపోతుంది.

అదనపు పేర్లను ఊరికే పెట్టలేదు. వాటి వెనుక విద్యార్థులు నిజంగా పడే గందరగోళాలు ఉన్నాయి. లిట్టన్ 1878లో దేశభాషా పత్రికల చట్టం తెచ్చాడు, రిప్పన్ దానిని రద్దు చేశాడు. చట్టం పేరు మాత్రమే గుర్తున్న విద్యార్థి ‘రద్దు’ అన్న మాట మీద నిలవకుండా లిట్టన్ అని రాస్తాడు. ఇంగ్లీషు విద్య తీర్మానం 1835 మార్చి మొదటి వారంలో బెంటింక్ పదవి వీడే ముందు వచ్చింది. లైసెన్సు నిబంధనల తొలగింపు అదే సంవత్సరం సెప్టెంబరులో మెట్కాఫ్ కాలంలో జరిగింది. సంవత్సరం ఒకటే, పాలకులు ఇద్దరు. ఇటువంటి పక్కపక్క విషయాల్లోనే తెలిసినవారికీ, విన్నవారికీ తేడా బయటపడుతుంది. ఎవరూ పొరబడని పేరును అదనంగా చేర్చడం వల్ల కాగితం నిండుతుంది తప్ప ప్రయోజనం లేదు.

మూడవ ప్రశ్నాంశం దగ్గర కొంచెం ఆగాలి. వితంతు పునర్వివాహ చట్టం ఎవరిది? అనేక గైడు పుస్తకాల్లో డల్హౌసీ అని ఉంటుంది. బిల్లు శాసనమండలికి వచ్చింది డల్హౌసీ కాలంలోనే. కాని డల్హౌసీ 1856 ఫిబ్రవరి చివర పదవి వీడాడు, చట్టం ఆమోదం పొందింది ఆ సంవత్సరం జూలైలో, కానింగ్ కాలంలో. ‘వితంతు పునర్వివాహ సంస్కరణ’ అని మాత్రమే రాస్తే రెండు జవాబులనూ సమర్థించవచ్చు. అప్పుడు బాగా చదివిన విద్యార్థే ఎక్కువగా నష్టపోతాడు. ‘ఆమోదం’ అన్న మాట చేర్చడంతో జవాబు ఒకటే అయింది. అయినా మీ విద్యార్థుల పాఠ్యపుస్తకంలో డల్హౌసీ అని ఉంటే ఆ ప్రశ్నాంశాన్ని వాడకపోవడం మంచిది. ఊహను అరికట్టబోయి విద్యార్థిని ఉచ్చులో పడేయకూడదు.

ఒకే చర్యకు ఇద్దరు ముగ్గురు హక్కుదారులుండడం ఈ అంశంలో మామూలే. సైనిక గుర్రాలకు ముద్ర వేసే ‘దాగ్’ పద్ధతిని తీసుకోండి. అల్లావుద్దీన్ ఖిల్జీ అమలు చేశాడు, షేర్షా మళ్లీ తెచ్చాడు, అక్బర్ కూడా తెచ్చాడు. ముగ్గురూ వరుసలో ఉన్నప్పుడు ‘దాగ్ పద్ధతి’ అని అడిగితే ప్రశ్న చెడినట్లే. పేర్లను మళ్లీ వాడవచ్చునన్న ప్రశ్నలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. అందుకని జవాబుల పట్టిక రాసిన తరువాత ప్రతి ప్రశ్నాంశాన్ని కుడి వరుసలోని ఎనిమిది పేర్లతోనూ ఒకసారి కలిపి చూసుకోవాలి. ఆరింటిని ఎనిమిదితో గుణిస్తే నలభై ఎనిమిది కలయికలు. పావుగంట పని.

సంకేతాల రూపంలో అడిగినప్పుడు

పోటీ పరీక్షల్లో జతపరచే ప్రశ్నను బహుళైచ్ఛిక ప్రశ్నగా మార్చి నాలుగు సంకేతాలు ఇస్తారు. అక్కడ ప్రశ్న ఎంత బాగున్నా సంకేతాల కూర్పు దానిని పాడుచేయగలదు. ఈ ఉదాహరణ చూడండి.

ఎ. పత్రికల లైసెన్సు నిబంధనల తొలగింపు
బి. ఇంగ్లీషు విద్యకు నిధుల తీర్మానం
సి. దేశభాషా పత్రికల చట్టం రద్దు
డి. 1878 నాటి ఆయుధాల చట్టం

1. బెంటింక్ 2. లిట్టన్ 3. మెట్కాఫ్ 4. రిప్పన్

సరైన జవాబు: ఎ-3, బి-1, సి-4, డి-2. దీనికి నాలుగు సంకేతాలను ఇలా ఇచ్చారనుకుందాం. అంకెలు ఎ, బి, సి, డి వరుసలో ఉన్నాయి.

(అ) 2, 4, 1, 3
(ఆ) 1, 3, 2, 4
(ఇ) 3, 1, 4, 2
(ఈ) 4, 2, 3, 1

చూడడానికి బాగా కలగలిపినట్లుంది. కాని ‘ఎ’ కింద నిలువుగా చదవండి: 2, 1, 3, 4. నాలుగూ వేర్వేరు. అంటే మెట్కాఫ్ సంగతి ఒక్కటి తెలిస్తే చాలు, (ఇ) తప్ప వేరే దారి లేదు. ‘బి’, ‘సి’, ‘డి’ల కింద కూడా అంతే. నాలుగు విషయాలు అడుగుతున్నట్లు కనిపించే ఈ ప్రశ్న నిజానికి ఏదైనా ఒక్క విషయాన్నే అడుగుతోంది.

దీనిని సరిదిద్దబోయి కొందరు మరో చిక్కులో పడతారు. సరైన సంకేతంలో ఒక్కొక్క చోట చిన్న మార్పు చేస్తూ మిగిలిన మూడింటినీ తయారు చేస్తారు. అప్పుడు సరైన జతలు అన్ని సంకేతాల్లోనూ ఎక్కువసార్లు కనిపిస్తాయి. ఏమీ తెలియని విద్యార్థి ప్రతి నిలువు వరుసలో ఎక్కువసార్లు వచ్చిన అంకెను పట్టుకుని, అవన్నీ ఉన్న సంకేతాన్ని గుర్తిస్తాడు. కోచింగ్ తీసుకున్నవారిలో చాలామందికి ఈ కిటుకు తెలుసు.

రెండు చిక్కులూ లేని కూర్పు ఒకటి ఉంది. నాలుగు ప్రశ్నాంశాలను రెండు జంటలుగా చేయాలి. ఒక్కొక్క జంటలోని రెండూ ఒకదానితో ఒకటి తికమకపడేవై ఉండాలి. మన ఉదాహరణలో ఎ, బి ఒక జంట (1835, మెట్కాఫ్–బెంటింక్). సి, డి మరొక జంట (లిట్టన్–రిప్పన్). మొదటి జంటను ఒప్పుగా ఒకసారి, తారుమారుగా ఒకసారి, రెండవ జంటనూ అలాగే రాస్తే మొత్తం నాలుగు సంకేతాలు వస్తాయి.

(అ) 1, 3, 4, 2
(ఆ) 3, 1, 2, 4
(ఇ) 3, 1, 4, 2
(ఈ) 1, 3, 2, 4

ఇప్పుడు ఏ నిలువు వరుస చూసినా ప్రతి అంకె సరిగ్గా రెండుసార్లు వచ్చింది. ఎక్కువసార్లు వచ్చినది అంటూ ఏదీ లేదు. మెట్కాఫ్ సంగతి ఒక్కటే తెలిస్తే (ఆ), (ఇ) రెండూ మిగులుతాయి, జవాబు తేలదు. తేలాలంటే ఒక్కొక్క జంట నుంచి కనీసం ఒకటి తెలియాలి. ఇది కూడా నాలుగూ తెలిసినట్లు రుజువు చేయదు. నాలుగు సంకేతాలతో అంతకు మించి రాబట్టడం కష్టం. నాలుగూ విడివిడిగా పరీక్షించడమే మీ ఉద్దేశమైతే సంకేతాల రూపాన్ని వదిలి ఖాళీల రూపానికే పోవాలి.

ప్రశ్న పనిచేసిందా?

పరీక్షకు ముందు ఒక తేలికైన పరిశీలన చేయవచ్చు. ఆ పాఠం చదవని ఇద్దరు ముగ్గురికి, ఇంట్లోవారైనా సరే, ప్రశ్న ఇచ్చి జవాబులు రాయించండి. మన మొదటి ప్రశ్నకు గుడ్డి ఊహతో సగటున రావలసింది ఒక మార్కు. వారికి మూడు, నాలుగు వస్తూ ఉంటే ఆ మార్కులు ప్రశ్నలోని ఆధారాల నుంచి వచ్చినట్లే. ఎలా ఎన్నుకున్నారని అడిగితే ‘ఇక్కడ హైదరాబాద్ అని ఉంది కదా’ వంటి సమాధానాలు వస్తాయి. ఏ మాట మార్చాలో దానితో తెలిసిపోతుంది. తిరిగి రాసిన ఆరు మార్కుల ప్రశ్నలో గుడ్డి ఊహకు వచ్చే సగటు ముప్పావు మార్కు మాత్రమే.

పరీక్ష తరువాత ప్రతి ప్రశ్నాంశానికి ఏ పేరును ఎంతమంది రాశారో లెక్కించండి. 40 మంది రాశారనుకుందాం. మూడవ ప్రశ్నాంశానికి 22 మంది డల్హౌసీ, 12 మంది కానింగ్, మిగిలినవారు ఇతర పేర్లు రాశారు. ఇంతటితోనే ప్రశ్న చెడ్డదని అనకూడదు. మొత్తం పరీక్షలో ఎక్కువ మార్కులు వచ్చిన పదిమంది ఏం రాశారో చూడాలి. వారిలో ఎక్కువమంది కానింగ్ అని రాస్తే ప్రశ్నాంశం చక్కగా వేరు చేస్తున్నదని అర్థం. వారు కూడా డల్హౌసీ అనే రాస్తే లోపం విద్యార్థుల్లో ఉండే అవకాశం తక్కువ. ప్రశ్న మాటల్లోనో, వారు చదివిన పుస్తకంలోనో వెతకాలి. అలాగే మేయో పేరును ఏ ప్రశ్నాంశానికీ ఒక్కరూ రాయకపోతే ఆ పేరు పనిచేయడం లేదు. మరోసారి వాడేటప్పుడు దాని స్థానంలో ఎలెన్‌బరో వంటి పేరును ప్రయత్నించవచ్చు.

ఇంత చేసినా జతపరచే ప్రశ్న కొలిచేది ఒక్కటే: ఈ చర్య ఎవరి కాలంలో జరిగిందో విద్యార్థికి గుర్తుందా అన్నది. లిట్టన్ చట్టం ఎందుకు తెచ్చాడు, రిప్పన్ ఎందుకు రద్దు చేశాడు అన్నవి దీనికి అందవు. వాటికి స్వల్ప సమాధాన ప్రశ్నలే తగినవి.

మీ అభ్యాసానికి

ఈ కింది ప్రశ్నలో జవాబును బయటపెట్టే మాటలను, తీసివేతకు అవకాశమిచ్చే అంశాలను, రెండు జవాబులు వచ్చే ప్రమాదాన్ని గుర్తించండి. తరువాత బ్రిటిష్ కాలపు భూమిశిస్తు విధానాలకే పరిమితం చేస్తూ తిరిగి రాయండి.

1. షేర్షా – అ. బెంగాల్‌లో జమీందార్లతో శాశ్వత ఒప్పందం
2. కారన్ వాలిస్ – ఆ. మద్రాసు గవర్నర్ కాలంలో రైత్వారీ
3. థామస్ మన్రో – ఇ. పట్టా, కబూలియత్

సూచనలు: ‘మద్రాసు గవర్నర్’ అన్న మాటలు ఏ పేరు మీదకు దారి తీస్తున్నాయి? మిగిలిన ఇద్దరిలో ఆ పదవి చేసినవారున్నారా? పట్టా, కబూలియత్ అన్న మాటలు ఏ యుగాన్ని సూచిస్తున్నాయి? రైత్వారీ పద్ధతిని బారామహల్‌లో అలెగ్జాండర్ రీడ్ ముందుగా చేపట్టాడు, మన్రో అక్కడ ఆయనకు సహాయకుడు. తరువాత మన్రో దానిని దత్తమండలాలలో అమలు చేశాడు, 1820లో గవర్నర్ అయ్యాక మద్రాసు ప్రెసిడెన్సీలో విస్తరింపజేశాడు. కుడి వరుసలో రీడ్ పేరు కూడా చేరిస్తే ప్రశ్నాంశాన్ని ‘ప్రారంభం’ అని రాయాలా, ‘విస్తరణ’ అని రాయాలా?